క్లెయిమ్‌కి 2,425, బోనస్‌కి 9,600

గేటుకి తగిలి కారు వెనక బంపర్ పగిలిందనుకుందాం. షెడ్డులో 5,200 రూపాయల ఎస్టిమేట్ ఇచ్చారు: బంపర్‌కి 3,000, పెయింటింగ్‌కి 2,200. ఇన్సూరెన్స్ ఉందిగా అని ఓనర్ అదే రోజు క్లెయిమ్ పెట్టేశారు.

జీరో డిప్రిసియేషన్ లేని పాలసీలో ప్లాస్టిక్ భాగాలకు సగం తరుగు కోస్తారు. పెయింటింగ్ బిల్లులో పావు వంతును రంగు ఖరీదుగా లెక్కగట్టి అందులోనూ సగమే ఇస్తారు. 1500 సీసీ లోపు కారుకు ఓనరే భరించాల్సిన వెయ్యి కూడా తీసేస్తే చేతికొచ్చేది 2,425.

ఇక పోయేది చూడండి. నో క్లెయిమ్ బోనస్ ఓన్ డ్యామేజ్ ప్రీమియం మీదే వస్తుంది. ఏడాదికేడాది 20, 25, 35, 45, 50 శాతంగా పెరుగుతుంది. ఒక్క క్లెయిమ్‌తో సున్నాకి దిగుతుంది. ఈ ఓనర్‌కి ఇప్పుడు 35 శాతం నడుస్తోంది, ఓన్ డ్యామేజ్ ప్రీమియం 8,000. వచ్చే రెన్యువల్‌లో రావాల్సిన 45 శాతం, అంటే 3,600 పోతుంది. మళ్లీ 50కి ఎక్కేదాకా ఏటా పడే తేడాలు 2,400, 2,000, 1,200, 400. మొత్తం 9,600. కారు విలువతో పాటు ప్రీమియం తగ్గితే ఇదీ కొంత తగ్గుతుంది కానీ, 2,425కి మాత్రం పడిపోదు.

కాబట్టి డబ్బు రాకముందే ఉత్తరం రాసి క్లెయిమ్ వెనక్కి తీసుకోవాలి. ఫోన్‌లో చెప్పి ఊరుకుంటే చాలదు. పెండింగ్‌లో ఉన్న క్లెయిమ్ కూడా బోనస్‌కి అడ్డమే. ఉత్తరం ఇలా ఉంటే చాలు:

"పై పాలసీ, వాహనం, క్లెయిమ్ నంబర్లకు సంబంధించి నేను పెట్టిన క్లెయిమ్‌ను స్వచ్ఛందంగా ఉపసంహరించుకుంటున్నాను. నష్టం చిన్నది, రిపేరు నా ఖర్చుతో చేయించుకుంటాను. నో క్లెయిమ్ బోనస్ కాపాడుకోవడమే కారణం. ఈ ఘటనలో ఎవరికీ గాయాలు కాలేదు, ఇతరుల ఆస్తికి నష్టం లేదు. కంపెనీ నుంచి గాని, షెడ్డు ద్వారా గాని నాకు చెల్లింపు జరగలేదు. క్లెయిమ్‌ను చెల్లింపు లేకుండా మూసివేసి, నా బోనస్‌పై దీని ప్రభావం ఉండదని రాతపూర్వకంగా తెలియజేయగలరు."

గాయాల గురించిన వాక్యం నిజమైతేనే రాయాలి. ఎవరికైనా దెబ్బ తగిలి ఉంటే వ్యవహారం థర్డ్ పార్టీ వైపు వెళ్తుంది. అప్పుడీ ఉత్తరం పనికిరాదు. పాలసీలో బోనస్ రక్షణ యాడ్ ఆన్ ఉంటే దాని షరతులు ముందు చూసుకోండి, ఉత్తరం అవసరమే పడకపోవచ్చు. క్యాష్‌లెస్ అయితే షెడ్డుకీ చెప్పాలి, లేకపోతే వాళ్లు బిల్లు కంపెనీకే పంపేస్తారు.

జవాబు మెయిల్‌లో "క్లోజ్‌డ్" అని మాత్రమే ఉంటే మళ్లీ అడగండి; చెల్లింపు లేదన్న మాట, బోనస్ మాట రెండూ ఉండాలి. వేరే కంపెనీకి మారితే వాళ్లు పాత కంపెనీని వాకబు చేస్తారు, అప్పుడు చూపాల్సింది ఈ మెయిలే. రిపేరు బిల్లు, ఫొటోలు కూడా దాచండి. రేపు అదే బంపర్‌కి పెద్ద దెబ్బ తగిలితే, ఇది పాత సొట్టే కదా అని సర్వేయర్ అడగవచ్చు.