పాఠ్యవాక్యం నుంచి పరీక్ష ప్రశ్న: బీటీ పత్తి పేరాతో ఒక అభ్యాసం

ఉద్దేశాలు

ఈ పాఠ్యభాగం చదివిన తరవాత మీరు:
- జీవశాస్త్ర పాఠ్యపుస్తకంలోని ఒక పేరాను విడివిడి విషయాలుగా విడగొట్టి, ప్రతి వాక్యంలోనూ కీలకపదాన్ని గుర్తించగలుగుతారు.
- ఆ పదం ఆధారంగా నాలుగు ఐచ్ఛికాల ప్రశ్నను తయారుచేయగలుగుతారు.
- మీరు రాసిన ప్రశ్నలోని లోపాలను కనిపెట్టి సరిచేసుకోగలుగుతారు.

1. పరిచయం

వైద్యవిద్య ప్రవేశపరీక్ష అయిన నీట్‌లో 180 ప్రశ్నలుంటే, వాటిలో 90 జీవశాస్త్రానివే. సరైన జవాబుకు 4 మార్కులు వస్తాయి, తప్పు జవాబుకు 1 మార్కు పోతుంది. అంటే తెలిసిన విషయంలోనే పొరపాటు పడితే, రావలసిన 4 రాకపోగా చేతిలో ఉన్న 1 కూడా పోయి, మొత్తం 5 మార్కుల తేడా వస్తుంది. గరిష్ఠ వయోపరిమితిని 2022లో తొలగించడంతో డిగ్రీలో చేరినవారు కూడా ఈ పరీక్షను మళ్ళీ రాస్తున్నారు. మీరు అలాంటివారు కావచ్చు, లేదా ఇంట్లో తమ్ముడికో చెల్లెలికో చదువు చెబుతూ ఉండవచ్చు.

జీవశాస్త్ర ప్రశ్నలు ఎక్కువగా ఎన్.సి.ఇ.ఆర్.టి. 11, 12 తరగతుల పాఠ్యపుస్తకాల వాక్యాలను అంటిపెట్టుకుని ఉంటాయి. అందుకే ఆ పుస్తకాలను వాక్యం వాక్యంగా చదవమంటారు. అయితే పదిసార్లు చదివినవారు కూడా పరీక్షహాలులో రెండు ఐచ్ఛికాల మధ్య ఆగిపోవడం చూస్తుంటాం. చదివిన వాక్యాన్ని గుర్తుపట్టడం వేరు, దాన్ని పోలిన తప్పు వాక్యం నుంచి వేరుచేయడం వేరు. పరీక్ష అడిగేది రెండోదాన్ని. వాక్యాన్ని ప్రశ్నగా మార్చే పనిలో ఆ రెండోదానికి అభ్యాసం దొరుకుతుంది.

ఇందుకు ఒకే ఒక పేరా తీసుకుందాం. అది 12వ తరగతి పుస్తకంలో బయోటెక్నాలజీ అనువర్తనాల అధ్యాయంలోని బీటీ పత్తి భాగం. మీది హొళగుంద అనుకోండి. ఆదోని మార్కెట్‌కు పత్తి తోలే రైతుల ఊళ్ళు చుట్టూ ఉన్నాయి. కాయతొలుచు పురుగు మీకు పుస్తకంలో కంటే ముందే చేలో తెలుసు. ఈ పరిచయం కొంత మేలు చేస్తుంది, కొంత తప్పుదారి కూడా పట్టిస్తుంది. రెండింటినీ చూద్దాం.

2. పేరాను విడగొట్టడం

ముందు పేరాలోని విషయాలను మీ సొంత మాటల్లో, ఒక వాక్యానికి ఒకే విషయం చొప్పున రాసుకోండి. ఈ భాగం నుంచి ఇలా వస్తాయి:

(1) బాసిల్లస్ థురింజియెన్సిస్ అనే బాక్టీరియాలోని కొన్ని రకాలు కొన్ని కీటకాలను చంపే ప్రోటీన్‌ను తయారుచేస్తాయి.
(2) ఈ ప్రోటీన్ బాక్టీరియా పెరుగుదలలోని ఒక నిర్దిష్ట దశలో స్ఫటికాలుగా ఏర్పడుతుంది.
(3) బాక్టీరియాలో ఈ విషం నిష్క్రియ ప్రోటాక్సిన్ రూపంలో ఉంటుంది కాబట్టి బాక్టీరియా చావదు.
(4) కీటకం తిన్నాక, దాని ఆహారనాళంలోని క్షార పిహెచ్ స్ఫటికాలను కరిగించి విషాన్ని చురుకైన రూపంలోకి తెస్తుంది.
(5) చురుకైన విషం ఆహారనాళం మధ్యభాగంలోని ఉపకళా కణాలకు అతుక్కుని రంధ్రాలు చేస్తుంది. కణాలు ఉబ్బి పగిలి కీటకం చనిపోతుంది.
(6) ఈ విషాలలో చాలావరకు ఒక్కో కీటక సమూహానికే పరిమితం. అందుకే పంటనూ పురుగునూ బట్టి జన్యువును ఎంచుకుంటారు.
(7) క్రై 1ఎసి, క్రై 2ఎబి జన్యువులు పత్తి కాయతొలుచు పురుగులను, క్రై 1ఎబి మొక్కజొన్న తొలుచు పురుగును అదుపుచేస్తాయి.

3. కీలకపదాన్ని గుర్తించడం

ఒక పదాన్ని మార్చగానే వాక్యం తప్పయిపోతే అది కీలకపదం. నాలుగో వాక్యంలో ‘క్షార’ బదులు ‘ఆమ్ల’ అని పెట్టండి, వాక్యం తప్పవుతుంది. మూడో దానిలో ‘నిష్క్రియ’ తీసేస్తే బాక్టీరియా ఎందుకు బతికిందో చెప్పలేం.

పెద్ద పదాలను అందరూ గీత గీసి పెట్టుకుంటారు. కళ్ళు జారిపోయేది చిన్న పదాల మీదే. మొదటి వాక్యంలోని ‘కొన్ని రకాలు’ అన్న మాటను ‘అన్ని రకాలు’ అని మార్చినా, ఆరో దానిలో ‘చాలావరకు’ తీసేసి ‘అన్నీ’ అని పెట్టినా వాక్యం నిజంలాగే వినబడుతుంది, కానీ తప్పు. ‘సరికాని వాక్యాన్ని గుర్తించండి’ తరహా ప్రశ్నలకు ఇవే పునాది.

4. ఐచ్ఛికాలు రాయడం

ఇప్పుడు నాలుగో వాక్యం నుంచి ప్రశ్న తయారుచేద్దాం.

కాయతొలుచు పురుగులో బీటీ ప్రోటాక్సిన్ చురుకైన విషంగా మారడానికి కారణమేది?
(అ) జీర్ణాశయంలోని ఆమ్లస్థితి
(ఆ) ఆహారనాళంలోని క్షారస్థితి
(ఇ) ఉపకళా కణాలకు అతుక్కోవడం
(ఈ) పురుగు శరీర ఉష్ణోగ్రత

ఇక్కడ ప్రతి తప్పు ఐచ్ఛికానికీ ఒక పని ఉంది. (అ) మనిషి జీర్ణాశయంలో ఆమ్లం ఉంటుందని చదివినవారిని ఆపుతుంది. మన కడుపులాగే పురుగు కడుపూ ఉంటుందనుకుంటే ఇక్కడ పడిపోతారు. (ఇ) పేరాలో నిజంగానే ఉంది, కానీ అది విషం చురుకైన తరవాత జరిగేది; క్రమం తెలియనివారు దాన్ని ఎంచుకుంటారు. (ఈ) ఊహించి రాసేవారి కోసం. ‘ఆమ్లజని వాయువు’ అనో ‘సూర్యకాంతి’ అనో పెడితే చదవనివారు కూడా తోసేస్తారు. అలాంటి ఐచ్ఛికం దేన్నీ పరీక్షించదు.

2019 నీట్‌లో సరిగ్గా ఈ విషయం మీదే ప్రశ్న వచ్చింది. అందులోనూ ఆమ్ల పిహెచ్ ఒక ఐచ్ఛికం.

ఒక జాగ్రత్త కూడా అవసరం. నిజానికి కీటకం ఆహారనాళంలోని ప్రోటీన్‌ను ఛేదించే ఎంజైమ్‌లు కూడా ప్రోటాక్సిన్‌ను కత్తిరించి చురుకుగా మారుస్తాయి. పాఠ్యపుస్తకం ఈ మెట్టును విడిగా చెప్పదు. మీరు ‘ఆహారనాళ ఎంజైమ్‌లు’ అన్నదాన్ని తప్పు ఐచ్ఛికంగా పెడితే మీ ప్రశ్నకు రెండు సరైన జవాబులుంటాయి. తప్పు ఐచ్ఛికం పుస్తకంలో కనబడకపోవడం ఒక్కటే చాలదు. అది నిజంగా తప్పయి ఉండాలి.

5. ప్రవచనం – కారణం

రెండు వాక్యాలను కలిపి అడిగే ప్రశ్నలు నీట్‌లో తరచు వస్తాయి. మూడో వాక్యం ఇందుకు అనుకూలం.

ప్రవచనం: బీటీ విషం దాన్ని తయారుచేసే బాక్టీరియాను చంపదు.
కారణం: బాక్టీరియాలో అది నిష్క్రియ ప్రోటాక్సిన్‌గా ఉంటుంది.

రెండూ నిజం, రెండోది మొదటిదానికి వివరణ కూడా. ఇప్పుడు కారణాన్ని మార్చి ‘చురుకైన విషం కీటకపు ఉపకళా కణాల్లో రంధ్రాలు చేస్తుంది’ అని రాయండి. ఇప్పుడూ రెండూ నిజమే, కానీ రెండోది వివరణ కాదు. తేడా తేల్చడానికి రెండింటి మధ్య ‘ఎందుకంటే’ పెట్టి చదవండి. ‘బాక్టీరియాను చంపదు, ఎందుకంటే పురుగు కణాల్లో రంధ్రాలు చేస్తుంది’ అంటే అతకదు. ఒకే ప్రవచనానికి ఇలా రెండు కారణాలు రాసుకుంటే ఈ తరహా ప్రశ్నలోని మెలిక పట్టుబడుతుంది.

6. ‘పురుగు’ అన్న మాటతో చిక్కు

తెలుగు మాధ్యమంలో చదివినవారికి ఇక్కడ ఒక ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. వాడుకలో మనం కీటకాన్నీ, దాని లార్వానూ, నేలలోని నులిపురుగునూ అన్నిటినీ పురుగనే అంటాం. జీవశాస్త్రంలో ఇవి వేరు. కాయతొలుచు పురుగు ఒక రెక్కలపురుగు లార్వా, అంటే కీటకమే. పొగాకు వేర్లను పట్టే మెలాయిడోగైన్ ఇన్‌కాగ్నిటా నెమటోడ్. అది కీటకం కాదు. అదే అధ్యాయంలో, బీటీ తరవాత, ఆ నెమటోడ్‌ను అడ్డుకునే పద్ధతి వస్తుంది. అది బీటీ విషం కాదు, ఆర్‌ఎన్‌ఏ ఇంటర్‌ఫియరెన్స్. 2020 నీట్‌లో బీటీ పత్తి దేన్ని తట్టుకుంటుందని అడిగినప్పుడు, కీటకాలతోపాటు నెమటోడ్లు కూడా ఒక ఐచ్ఛికంగా ఇచ్చారు. ‘పురుగు’ అని మాత్రమే గుర్తుంచుకున్నవారికి రెండూ సరైనవిగానే తోస్తాయి.

కాబట్టి ప్రశ్న రాసేటప్పుడు వాడుకమాట పక్కన శాస్త్రపదాన్ని కూడా రాసుకోండి: క్షార – ఆల్కలైన్, ఉపకళ – ఎపిథీలియం, నులిపురుగు – నెమటోడ్. నీట్‌ను తెలుగులో రాయవచ్చు. కానీ అనువాదంలో సందేహం వస్తే ఆంగ్ల పాఠమే ప్రమాణం. రెండు పేర్లూ తెలిసినవారు అక్కడ తడబడరు.

ఏడో వాక్యం జతపరిచే ప్రశ్నకు తగినది. పుస్తకంలో ఈ జన్యువుల అంకెలు రోమన్ సంఖ్యల్లో ఉంటాయి. 1ఎసి, 1ఎబిల మధ్య చివరి అక్షరం ఒక్కటే తేడా, కానీ ఒకటి పత్తికి, ఇంకొకటి మొక్కజొన్నకు. ప్రశ్నలో ఈ రెండింటినీ తప్పకుండా పక్కపక్కన పెట్టండి.

7. చేను ఒకటి చెబితే, పుస్తకం ఇంకొకటి చెబితే

బీటీ పత్తికి మన దేశంలో 2002లో అనుమతి వచ్చింది. రెండు జన్యువులున్న పత్తికి 2006లో వచ్చింది. అయినా ఇప్పుడు కాయ పగలగొడితే గులాబీ రంగు పురుగు కనబడుతుందని మీ ఇంట్లోవారు చెబుతారు. వారి మాట నిజమే. క్రై 1ఎసిని తట్టుకునే గులాబీ రంగు పురుగు గుజరాత్‌లో బయటపడినట్లు 2010లోనే ప్రకటించారు; తరవాత రెండు జన్యువుల పత్తినీ అది తట్టుకుంది. మరి పరీక్షలో ‘కాయతొలుచు పురుగును అదుపుచేసే జన్యువు’ అని అడిగితే ఏం రాయాలి?

వాక్యాన్ని మళ్ళీ చదవండి. పుస్తకం ఏ జన్యువు ఏ పురుగు కోసమో చెప్పింది. ఆ అదుపు ఎప్పటికీ ఉంటుందని చెప్పలేదు. జవాబు మారదు. మీ చేను అనుభవాన్ని జవాబులో కాక, వాక్యం పక్కన మార్జిన్‌లో రాసుకోండి. ‘ఎప్పటికీ’, ‘పూర్తిగా’ లాంటి మాటలున్న ఐచ్ఛికాన్ని తప్పుగా గుర్తించడానికి ఆ గమనిక పనికొస్తుంది.

8. రాసిన ప్రశ్నలను వాడే విధానం

ప్రశ్నకు ఎదురుగా పుటసంఖ్య, వాక్యం సంఖ్య వేయండి. జవాబులు వేరే కాగితంలో ఉండాలి. రాసిన రోజే జవాబిస్తే గుర్తుతోనే చెప్పేస్తారు; మరుసటి రోజు, మళ్ళీ వారం తరవాత పుస్తకం మూసి జవాబివ్వండి. తప్పు పోయినప్పుడు కారణం కూడా రాయండి: విషయం తెలియదా, రెండింటిని కలిపేశారా, ‘సరికానిది’ అన్న మాట చూసుకోలేదా? మూడింటికీ మందు వేరు. మొదటిదానికి పేరా మళ్ళీ చదవాలి, రెండోదానికి ఆ రెండు విషయాలనూ ఒకే ప్రశ్నలో పెట్టి రాయాలి, మూడోదానికి ప్రశ్నలో ఆ మాట కింద గీత గీసే అలవాటు చాలు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. ఐదో వాక్యంలో కీలకపదాలు రెండు గుర్తించండి.
2. ‘బీటీ విషాలన్నీ అన్ని కీటకాలనూ చంపుతాయి.’ ఇందులో తప్పు చేసిన పదాలేవి?
3. క్రై 1ఎబి లక్ష్యంగా పెట్టుకున్న పురుగు ఏది?

జవాబులు: 1. ఉపకళా కణాలు, రంధ్రాలు. 2. ‘అన్నీ’, ‘అన్ని’, ఈ విషాలలో చాలావరకు ఒక్కో కీటక సమూహానికే పరిమితం. 3. మొక్కజొన్న తొలుచు పురుగు.

సారాంశం

పేరాను ఒక్కో విషయంగా విడగొట్టాలి. ఏ పదం మారితే వాక్యం తప్పవుతుందో చూడాలి. తప్పు ఐచ్ఛికాలను అదే అధ్యాయంలోని పొరుగు విషయాల నుంచి తీసుకోవాలి, అవి నిజంగా తప్పేనని నిర్ధారించుకోవాలి. వాడుకమాటకు శాస్త్రపదం జతచేయాలి. బీటీ భాగంలోని ఏడు వాక్యాల నుంచి కనీసం పది ప్రశ్నలు తయారవుతాయి. నాలుగు, మూడు, ఏడు వాక్యాలపై నమూనాలు చూశారు. మిగిలినవి ఇప్పుడు మీరే రాయండి.