సెక్షన్ సరిగ్గానే రాశారు, మార్కులెందుకు పోయాయి?

ఎల్ఎల్‌బీ ప్రశ్నపత్రాల్లో ఒక చిన్న ఉదంతం చెప్పి, ‘ఇది నేరమా? నిర్ణయించండి’ అని అడిగే ప్రశ్నలుంటాయి. సెక్షన్ నంబరు, నిర్వచనం తప్పులేకుండా రాసి, ఆ వెంటనే ‘కాబట్టి నిందితుడు దోషి’ అని ముగించే జవాబుకు మార్కులు గట్టిగా తగ్గుతాయి. నిర్వచనానికీ నిర్ణయానికీ మధ్య, ఇచ్చిన సంగతులకు చట్టాన్ని అన్వయించే భాగం అందులో లేకపోవడమే కారణం.

దొంగతనం మీద ఒక ప్రశ్న చూద్దాం. రమేశ్ తన సెల్‌ఫోన్‌ను రిపేరుకిచ్చాడు. పని పూర్తయింది, బిల్లు 1,800 రూపాయలు. షాపతను లోపలికెళ్లినప్పుడు రమేశ్ కౌంటరు మీది ఫోన్ తీసుకుని, డబ్బివ్వకుండా వెళ్లిపోయాడు. తన ఫోన్ తానే తీసుకుంటే దొంగతనమవుతుందా?

‘భారతీయ న్యాయ సంహిత 303వ సెక్షన్ ప్రకారం ఇది దొంగతనం’ అని ఒకరు రాస్తారు. ‘ఫోన్ అతనిదే, కాబట్టి నేరం కాదు’ అని ఇంకొకరు తేల్చేస్తారు. మొదటి జవాబులో నిర్ణయం సరైనదే. అయినా ఆ విద్యార్థికి కారణం తెలుసో, ఊహించి రాశాడో దిద్దేవారికి తెలిసే దారి లేదు.

అన్వయం ఇలా సాగాలి. ఫోన్ చరాస్తి. రమేశ్ దాన్ని అక్కడి నుంచి కదిలించాడు, షాపతని సమ్మతి లేదు. ఈ మూడూ తలా ఒక వాక్యంలో తేలిపోతాయి. చట్టం అడిగేది వస్తువు ఎవరి ఆధీనంలో ఉందని, ఎవరి సొత్తని కాదు. ఫోన్ షాపతని ఆధీనంలోనే ఉంది. అసలు చిక్కు దురుద్దేశం దగ్గర వస్తుంది. ఒకరికి అక్రమ లాభం గానీ మరొకరికి అక్రమ నష్టం గానీ కలిగించాలనే ఉద్దేశం ఉండాలి. కాంట్రాక్టు చట్టం 170వ సెక్షన్ ప్రకారం, నైపుణ్యంతో పనిచేసినవారు కూలి చెల్లించేదాకా వస్తువును తమ దగ్గరే ఉంచుకోవచ్చు. బిల్లు ఎగ్గొట్టాలని రమేశ్ ఫోన్ తీసుకుంటే, ఆ హక్కు పోగొట్టి షాపతనికి అక్రమ నష్టం కలిగించినట్టే. కాబట్టి దొంగతనం.

ఇందులో ఒక్క సంగతి మార్చితే నిర్ణయం తిరగబడుతుంది. రమేశ్ డబ్బు ముందే కట్టేసి ఉంటే షాపతనికి ఫోన్ ఆపే హక్కుండదు, దురుద్దేశమూ నిలవదు. ఈ రెండు రకాల ఉదాహరణలూ, చేతిగడియారం రిపేరు రూపంలో, దొంగతనం సెక్షన్‌లోనే ఉన్నాయి. 1860 నాటి శిక్షాస్మృతి 378వ సెక్షన్‌లోనూ ఇవే ఉండేవి. బిల్లు బాకీ ఉందన్న ముక్కను జవాబులో వాడని విద్యార్థి ప్రశ్నలోని ఆయువుపట్టునే వదిలేసినట్టు.

ఈ లోపాన్ని విద్యార్థి తానే పట్టుకోవచ్చు. రాసిన పేరాలో ‘1,800 బాకీ’, ‘కౌంటరు’, ‘చెప్పకుండా’ వంటి ప్రశ్నలోని మాటలు ఎక్కడా లేకపోతే, అది ఏ దొంగతనం ప్రశ్నకైనా సరిపోయే జవాబు. సంగతులు రెండు వైపులకూ లాగే చోట రెండూ రాసి ఒకటి ఎంచుకోవాలి. రిపేరు జరగలేదని, తాను బాకీ లేనని రమేశ్ నిజంగా నమ్మి ఉంటే దురుద్దేశం లేదని వాదించవచ్చు. అలా కారణం చూపిన జవాబులో నిర్ణయం వేరైనా అన్వయానికి మార్కులు దక్కుతాయి.