ఆఫీసులో ఫ్లూ టీకా: మేలోనా, అక్టోబరులోనా?

'సిబ్బందికి గమనిక: మే 22న ఉదయం 10 నుంచి మధ్యాహ్నం 3 గంటల వరకు రెండో అంతస్తు ట్రైనింగ్ హాల్లో ఫ్లూ టీకా శిబిరం. ఖర్చు కంపెనీదే. ఇష్టమున్నవారే వేయించుకోవచ్చు. టిఫిన్ చేసి రండి. జ్వరంగా ఉంటే ఆ రోజు వద్దు. సూది వేశాక అరగంట హాల్లోనే కూర్చోవాలి.'

హైదరాబాద్‌లో ఏదో ఒక కంపెనీ నోటీసు బోర్డు మీద ఈ కాగితం అంటించారనుకుందాం. చాలామంది చూపు 'ఖర్చు కంపెనీదే' దగ్గరే ఆగుతుంది. నేనైతే మొదట తేదీ చూస్తాను.

ఎందుకంటే మన దగ్గర చాలా ఆఫీసుల్లో ఈ శిబిరం అక్టోబరులో పెడతారు. హెడ్డాఫీసు అమెరికాలో ఉంటుంది, అక్కడి క్యాలెండరే ఇక్కడికీ వచ్చేస్తుంది. అక్కడ ఫ్లూ చలికాలపు జబ్బు కాబట్టి అక్టోబరు సరైన నెలే. మన దేశంలో కశ్మీర్‌ వంటి చలి ప్రాంతాలకూ అది నప్పుతుంది. మన దగ్గర మాత్రం ఫ్లూ ఎక్కువగా వానలతో వస్తుంది. జూన్ చివర్లో మొదలై, జులై, ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో ఊపందుకుంటుంది. జనవరి నుంచి మార్చి మధ్య మరోసారి తలెత్తుతుంది.

టీకా వేయించుకున్నాక ఒంట్లో రక్షణ తయారుకావడానికి రెండు వారాలు పడుతుంది. మొదటి నెలల్లో అది గట్టిగా ఉండి, తర్వాత మెల్లగా పలచబడుతుంది. మే 22న సూది పడినవారు జూన్ మొదటి వారానికి, అంటే తొలకరి వేళకి సిద్ధంగా ఉంటారు. అక్టోబరులో వేయించుకున్నవారికి మళ్లీ ఆగస్టు వచ్చేసరికి దాదాపు పది నెలలు అయిపోతుంది. అక్టోబరు టీకా దండగేమీ కాదు, జనవరి ఫ్లూకి అది పనికొస్తుంది. రెండింటిలో ఒకటే ఎంచుకోవాల్సి వస్తే హైదరాబాద్‌కైనా విజయవాడకైనా మేనే మేలు.

తేదీ బాగున్నా తెచ్చిన మందు పాతదైతే లాభం లేదు. ఫ్లూ వైరస్ ఏటా కొద్దికొద్దిగా వేషం మారుస్తుంది. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏడాదికి రెండుసార్లు, టీకాలో ఏ రకాలు ఉండాలో చెబుతుంది. ఉత్తరార్ధగోళం కోసం ఫిబ్రవరిలో, దక్షిణార్ధగోళం కోసం సెప్టెంబరులో. భూగోళం ప్రకారం మనం ఉత్తరాన ఉన్నవాళ్లమే. కానీ మేలో వేసుకునేవారికి కొత్త మందు అంటే దక్షిణార్ధగోళానిది. సెప్టెంబరులో ఎంచిన రకాలతో తయారై, వేసవికి అందేది అదే. ఫిబ్రవరిలో ఎంచినది వానలు సగం గడిచాక గానీ రాదు.

ఇక్కడే మోసం జరగడానికి వీలుంది. మే నెలలో కొందరు సరఫరాదారుల దగ్గర కిందటి చలికాలం సరుకు మిగిలి ఉంటుంది, గడువు రేపో మాపో అన్నట్టు. శిబిరం పెట్టే హెచ్‌ఆర్ వాళ్లు పెట్టె చేతిలోకి తీసుకుని చూస్తే తెలిసిపోతుంది. ఏ సీజన్‌కి చేసిన టీకానో, గడువు ఎప్పటిదాకానో పెట్టె మీదే ఉంటుంది. వైరస్ రకాల పేర్లూ ఉంటాయి. 'ఏ/విక్టోరియా/4897/2022' అని ఉంటే, అది ఏ రకం వైరస్ అనీ, ఆస్ట్రేలియాలోని విక్టోరియాలో దొరికిందనీ, 4897 దాని నమూనా సంఖ్య అనీ, 2022 దొరికిన ఏడాది అనీ అర్థం. అడిగి చూపించుకోవడానికి మొహమాటపడక్కర్లేదు.

ఇంకొకటి, కోల్డ్ బాక్సు. టీకా 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. ఎండాకాలం కదా అని ఐసు గడ్డలకు ఆనించి పెట్టేస్తుంటారు. వేడి కన్నా గడ్డకట్టడమే దీనికి ఎక్కువ చేటు. ఒకసారి గడ్డకట్టిన మందును పారేయాల్సిందే. కరిగాక కంటితో చూసి చెప్పడం కష్టం కాబట్టి పెట్టెలో థర్మామీటరు ఉందా లేదా అన్నదే గుర్తు. మిగిలిన సిరంజీలను ఆఫీసు ఫ్రిజ్‌లో పెరుగు డబ్బాల పక్కన సర్దేయడం కూడా పనికిరాదు.

ఇక శిబిరంలో తప్పక వినిపించే ప్రశ్న ఒకటుంది. "పోయినేడాది సూది వేయించుకున్న మూడో రోజే నాకు ఫ్లూ వచ్చింది డాక్టరుగారూ, మళ్లీ ఎందుకు?" అని అకౌంట్సు ఆయన అడిగారనుకోండి. జబ్బకు వేసే ఈ టీకాలో బతికున్న వైరస్ ఉండదు. అందులో ఉన్నవి చంపిన వైరస్ ముక్కలే, అవి ఫ్లూ తెప్పించలేవు. జబ్బ నొప్పి, ఒకటి రెండు రోజులు నలతగా ఉండటం, కాస్త జ్వరం మామూలే. మూడో రోజు నిజంగా ఫ్లూయే వచ్చి ఉంటే, రక్షణ తయారయ్యే ఆ రెండు వారాల్లోపు బయట అంటుకుని ఉంటుంది. అలాగని టీకా పూర్తి కవచం కూడా కాదు. రకాలు బాగా కుదిరిన ఏడాదిలో డాక్టరు దగ్గరికి వెళ్లాల్సినంత ఫ్లూ ముప్పును 40 నుంచి 60 శాతం తగ్గిస్తుంది. మామూలు పడిశాన్ని అసలు ఆపదు. నోటీసులో ఈ మాట కూడా రాస్తే మర్నాటి నుంచి ఫిర్యాదులు తగ్గుతాయి.

షుగరు, ఉబ్బసం, గుండెజబ్బు ఉన్నవారు వెనకాడుతుంటారు. నిజానికి ఫ్లూ ముదిరేది వాళ్లకే, ముందు వేయించుకోవాల్సింది వాళ్లే. గర్భిణులు ఏ నెలలోనైనా ఈ ఇంజెక్షన్ తీసుకోవచ్చు. ముక్కులో కొట్టే టీకా మాత్రం వారికి కూడదు, అందులో బలహీనపరిచిన బతికున్న వైరస్ ఉంటుంది. రక్తం పలచబడే మాత్రలు వాడేవారు ముందే చెబితే, సన్న సూదితో వేసి, రుద్దకుండా రెండు నిమిషాలు గట్టిగా అదిమి పట్టుకోమంటారు. ఇదివరకు ఫ్లూ టీకాకు ఒళ్లంతా తీవ్రంగా అలర్జీ వచ్చినవారు వేయించుకోకూడదు. ఫ్లూ టీకా తర్వాత ఆరు వారాల్లోపు గిలాన్-బారీ జబ్బు వచ్చినవారు శిబిరంలో కాక సొంత డాక్టరుతో మాట్లాడి తేల్చుకోవాలి. కోడిగుడ్డు పడనివారిని ఒకప్పుడు వెనక్కి పంపేవారు. ఇప్పుడు అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ, గుడ్డు అలర్జీకి ప్రత్యేక జాగ్రత్తలేవీ అక్కర్లేదంటోంది. పెట్టెలోని కాగితంలో ఇంకా హెచ్చరిక ఉండొచ్చు, కాబట్టి డాక్టరు చెవిన వేయడం మంచిది.

అరగంట కూర్చోమనేది లాంఛనం కాదు. సూది చూసి కళ్లు తిరిగేవారు ఎప్పుడూ ఒకరిద్దరు ఉంటారు, ఖాళీ కడుపుతో వస్తే మరీనూ. టిఫిన్ మాట నోటీసులో పెట్టింది అందుకే. వాళ్ల ముఖం పాలిపోతుంది, చెమట పడుతుంది, నాడి నెమ్మదిస్తుంది. పడుకోబెట్టి కాళ్లు కాస్త ఎత్తులో పెడితే కొద్ది నిమిషాల్లో తేరుకుంటారు. అరుదుగా వచ్చే అసలు అలర్జీ తీరు వేరు. ఒళ్లంతా దద్దుర్లు, పెదాలు వాయడం, ఛాతీలో పిల్లికూతలు, నాడి వేగంగా కొట్టుకోవడం. దానికి మందు తొడకు వేసే అడ్రినలిన్ ఇంజెక్షన్, పెద్దవారికి అర మిల్లీలీటరు. అది బల్ల మీద సిద్ధంగా లేని శిబిరంలో టీకా వేయించుకోకండి.

ఇంటికెళ్లాక జబ్బ నొప్పికి తడిగుడ్డ, అవసరమైతే పారాసెటమాల్ చాలు. జ్వరం రెండు రోజులు దాటినా, బాగా కాస్తున్నా దాన్ని సూది మీదకి నెట్టేయొద్దు. వానల ముందు కాలమది, డెంగీయో మలేరియాయో కావచ్చు. రక్తపరీక్ష చేయించుకోవాలి.