గీతలు పట్టేది, లోతు పట్టేది

తరంగం చేస్తున్న కూచిపూడి నర్తకి ఫొటో ఒకటి ఉందనుకుందాం. రెండు పాదాలూ ఇత్తడి పళ్ళెం అంచుల మీద ఉన్నాయి. కుడి చేతిలో త్రిపతాకం. వెనక ఆడిటోరియం పరదా, మడతలు మడతలుగా. ఆ పరదా స్థానంలో రాతి మండపం, సాయంత్రపు వెలుగు రావాలి. నర్తకి నిలుచున్న తీరు మాత్రం వెంట్రుకవాసి కూడా మారకూడదు.

స్టేబుల్ డిఫ్యూజన్ లాంటి నమూనాకు ఈ ఫొటో ఇచ్చి, మండపాన్ని మాటల్లో వర్ణించి తిరిగి గీయమంటే చిక్కు వస్తుంది. అది ముందు ఫొటో మీద నాయిజ్ కలిపి, తర్వాత దాన్ని అంచెలంచెలుగా తొలగిస్తూ కొత్త బొమ్మ తేలుస్తుంది. ఎంత నాయిజ్ కలపాలో మనమే చెప్పాలి. 0.3 దగ్గర పెడితే పరదా పరదాగానే ఉంటుంది. 0.8కి పెంచితే మండపం వస్తుంది కానీ చెయ్యి ఇంకో దిక్కుకు తిరుగుతుంది. నాయిజ్‌కు రంగు వేరు, భంగిమ వేరు అని తెలియదు, రెంటినీ కలిపే చెరిపేస్తుంది.

2023లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం నుంచి ల్వ్‌మిన్ జాంగ్, అన్యీ రావ్, మనీష్ అగ్రవాలా తెచ్చిన కంట్రోల్‌నెట్ ఈ ముడిని విప్పింది. అసలు నమూనాను వాళ్ళు ముట్టుకోలేదు. అందులో బొమ్మను చదివే సగభాగానికి ఒక నకలు తీసి, దానికి మాత్రమే గీతల పటమో లోతు పటమో చూసి దారి చూపడం నేర్పారు. నకలునూ అసలునూ కలిపే పొరల విలువలు సున్నాతో మొదలవుతాయి. కాబట్టి శిక్షణ మొదట్లో నకలు మాట అసలుకు వినపడనే వినపడదు, నేర్చుకున్న కొద్దీ వినపడుతుంది. కోట్ల చిత్రాలతో నేర్చిన పాత విద్య చెడిపోకుండా కొత్త క్రమశిక్షణ వచ్చి చేరింది. ఈ పనిలో నాకు అన్నిటికంటే నచ్చిన ఆలోచన ఇదే.

ఇప్పుడు మన నర్తకి దగ్గరకు వద్దాం. గీతల పటానికి సాధారణంగా వాడేది జాన్ క్యానీ 1986లో ప్రచురించిన పద్ధతి. వెలుగు హఠాత్తుగా మారిన చోటల్లా నల్లటి నేల మీద తెల్ల గీత గీస్తుంది. దానికి రెండు హద్దులు ఇవ్వాలి. 100, 200 తో మొదలుపెట్టడం వాడుక. వేళ్ళు, పళ్ళెం అంచు, గజ్జెలు చక్కగా వస్తాయి. అయితే పరదా మడతలూ వస్తాయి. నమూనా వాటినీ ఆజ్ఞగానే తీసుకుని, మండపంలో సన్నటి స్తంభాలను ఒకదాని పక్కన ఒకటి ఇరికిస్తుంది. ఫలితంలో ఎక్కడైనా అర్థంలేని నిలువు గీతలు కనిపిస్తే ముందు చూడవలసింది ఆ పటాన్నే. హద్దులు పెంచితే మడతలు పోతాయి, వాటితోపాటే నీడలో ఉన్న వేళ్ళూ పోతాయి.

లోతు పటం సంగతి వేరు. మైడాస్ లాంటి నమూనా ఒక్క ఫొటో చూసి, ఏది దగ్గర, ఏది దూరం అని అంచనా వేస్తుంది. దగ్గరివి తెల్లగా, దూరానివి నల్లగా ఉంటాయి. పరదా మడతలు అందులో దాదాపు మాయమవుతాయి కాబట్టి మండపానికి చోటు దొరుకుతుంది. మనిషి ఒడ్డూ పొడుగూ, ముందుకు చాచిన చెయ్యీ నిలుస్తాయి. పోయేది సన్నటి వివరం. పళ్ళెం నేలలో కలిసిపోతుంది. వంచిన ఉంగరపు వేలు అరచేతిలో కలిసి కనిపించదు. ఆ వేలు నిటారుగా వస్తే త్రిపతాకం కాస్తా పతాకమవుతుంది. నాట్యం తెలిసినవారికి అది వేరే హస్తం.

అందుకని రెండూ వాడాలి. లోతు పటానికి పూర్తి బలం, అంటే 1 ఇవ్వండి. గీతల పటంలో చేతులు, పాదాలు, పళ్ళెం ఉంచి, మిగతాదంతా నలుపుతో పూసెయ్యండి. దాని బలం 0.6 దగ్గర మొదలుపెట్టి చూడండి. లోతు మార్గదర్శనాన్ని చివరిదాకా నడపనక్కరలేదు. బొమ్మ కూర్పు తొలి అంచెల్లోనే స్థిరపడుతుంది, తర్వాతి అంచెల్లో కుదిరేవి రాతి గరుకు, వెలుగు, నీడ. సగం దాటాక లోతును వదిలేస్తే రాయి సహజంగా వస్తుంది. వేళ్ళ గీతల్ని ఇంకొంత దూరం పట్టి ఉంచాలి.

ఫలితాన్ని కంటితో మెచ్చుకుని వదలకండి. వచ్చిన బొమ్మకూ అవే హద్దులతో గీతల పటం తీసి, పాతదాని మీద సగం పారదర్శకంగా పరచండి. మణికట్టు, మోకాలు, పాదం ఎక్కడ జరిగాయో అక్కడ గీత రెండుగా కనిపిస్తుంది.

ఇంత చేసినా ఒక హద్దు ఉంది. స్టేబుల్ డిఫ్యూజన్ 512 పిక్సెళ్ళ బొమ్మను లోపల 64 గళ్ళకు కుదించి పనిచేస్తుంది. అంటే అడ్డంగా 8 పిక్సెళ్ళకు ఒక్క గడి. నర్తకి నిలువెత్తునా ఉన్న ఫొటోలో వేలి మందం 4, 5 పిక్సెళ్ళే ఉంటే, గీత ఎంత ఖచ్చితంగా ఉన్నా నమూనాకు దాన్ని పట్టే చోటు లేదు. అప్పుడు చేతి భాగాన్ని విడిగా కత్తిరించి, పెద్దది చేసి, దాని గీతల పటంతోనే మళ్ళీ గీయించి, తెచ్చి అతికించాలి. ముఖానిదీ ఇదే కథ. పైగా గీతలు, లోతు ముఖం ఉన్న చోటునూ వంపునూ చెబుతాయే తప్ప అది ఎవరి ముఖమో చెప్పవు. ఆ నర్తకే కావాలంటే ముఖాన్ని మాస్కుతో కప్పి, అసలు ఫొటోలోది అలాగే ఉంచి, మిగతాదే గీయించాలి.