కిలో కేకులో కేకెంత?

ఇంట్లోనే బేకరీ పెట్టుకోవాలనుకునే ఆడవాళ్ళ కోసం గోదావరి జిల్లాలోని ఒక పట్టణంలో కొత్త శిక్షణ బ్యాచ్ మొదలైంది. స్వాగతోపన్యాసం అనగానే జ్యోతి వెలిగించడం, సాధికారత గురించి నాలుగు ముక్కలు, చివర్లో చప్పట్లు ఉంటాయనుకుంటాం. ఆ టీచరు మాత్రం "రండమ్మా, అందరూ ముందుకొచ్చి కూర్చోండి" అంటూ ఒక్క మాటలో స్వాగతం ముగించేశారు. బల్ల మీద ఒక మైదా డబ్బా, ఒక కొలత కప్పు, ఒక డిజిటల్ కాటా పెట్టి, ముగ్గురిని పిలిచి తలా ఒక కప్పు మైదా కొలిచి ఇమ్మన్నారు.

మొదటావిడ కప్పును నేరుగా డబ్బాలో ముంచి, బల్లకేసి రెండుసార్లు తట్టి ఇచ్చింది. కాటా మీద 152 గ్రాములు. రెండో ఆవిడ చెంచాతో వేసి పైన చదును చేసింది. 128 గ్రాములు. మూడో అమ్మాయి జల్లించి మరీ నింపింది. 114 గ్రాములు. మైదా ఒకటే, కప్పు ఒకటే, తేడా 38 గ్రాములు.

"మీలో చాలామంది యూట్యూబ్ చూసి కేకు చేసే ఉంటారు. ఒకసారి బాగా వచ్చి, రెండోసారి రాకపోతే ఓవెన్‌ను తిట్టుకుని ఉంటారు. ఓవెన్ పాపం ఏం చేసిందమ్మా?" అన్నారావిడ. వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు.

మన వంటిల్లు మొదటినుంచీ గిద్ద, సోల, గ్లాసు లెక్కల్లోనే నడిచింది. ఇడ్లీ పిండిలో రవ్వ గుప్పెడు ఎక్కువైతే ఇడ్లీ కాస్త గట్టిబడుతుంది, చట్నీతో సర్దుకుపోతాం. కేకు అలా సర్దుకోదు. నాలుగు గుడ్ల స్పాంజికి టీచరు చెప్పే కొలత 120 గ్రాముల పంచదార, 120 గ్రాముల మైదా, 40 మిల్లీలీటర్ల నూనె. అందులో 30 గ్రాముల మైదా ఎక్కువ పడిందంటే పిండి నాలుగో వంతు పెరిగినట్టే. స్పాంజిని పైకి లేపేది ముఖ్యంగా గుడ్లు, పంచదార కలిపి గిలకొట్టినప్పుడు చేరే గాలి. పిండి ఎక్కువైతే అది కలవడానికి గరిటె ఎక్కువసార్లు తిప్పాలి, తిప్పేకొద్దీ ఆ గాలి పోతుంది. తడంతా పిండే పీల్చేసుకుంటుంది. కేకు మధ్యలో గుట్టలా లేచి పగులుతుంది, చల్లారాక కోస్తే పొడిపొడిగా రాలుతుంది. అడుగున రబ్బరులా ఒక పొర కనిపిస్తే పిండి కలపడంలో గాలి పోయిందని గుర్తు. మధ్యలో కుంగి, లోపల పెద్ద పెద్ద రంధ్రాలుంటే మాత్రం బేకింగ్ పౌడర్ ఎక్కువైందేమో చూసుకోవాలి.

ఆ పౌడర్ దగ్గర మాత్రం ఇంటి కాటాను నమ్మవద్దన్నారు. రెండు మూడు గ్రాముల దగ్గర అది సరిగా చూపించదు. దానికి కొలత చెంచానే మేలు, పైన చాకుతో చదును చేసి వేస్తే చాలు.

ఆ తర్వాత ఆవిడ అడిగిన ప్రశ్నకు హాలంతా తడబడింది. "కిలో కేకు ఆర్డర్ వచ్చింది. స్పాంజి ఎంత చేస్తారు?" ఎక్కువమంది కిలో అన్నారు. కొత్తవాళ్ళు నష్టపోయే మొదటి చోటు అదేనట. కిలో కేకు అంటే క్రీముతో, పండ్లతో కలిపి కిలో. కిలో స్పాంజి కాల్చి దాని మీద క్రీము వేస్తే కాటా కిలోన్నర దాటేస్తుంది, డబ్బు మాత్రం కిలోకే వస్తుంది.

బోర్డు మీద ఒక పైనాపిల్ కేకు లెక్క రాశారు. ఇందాకటి నాలుగు గుడ్ల స్పాంజి పచ్చిగా దాదాపు 480 గ్రాములు ఉంటుంది. కాలినప్పుడు నీరు ఆవిరై 425 దగ్గరకు వస్తుంది. పొరలు తడపడానికి పంచదార నీళ్ళు 100 గ్రాములు, పైనాపిల్ ముక్కలు 100, గిలకొట్టిన క్రీము 375. అంతా కలిపితే సరిగ్గా కిలో. పేరుకు కేకే గానీ, అందులో కేకు సగం కూడా లేదు.

ఇక ధర. టీచరు లెక్క కోసం తీసుకున్న రేట్లివి, ఎవరి ఊళ్ళో రేట్లు వాళ్ళు వేసుకోవాలి. గుడ్లకు 28 రూపాయలు, మైదా, పంచదార, నూనెలకు 20, ఎసెన్స్, బేకింగ్ పౌడర్‌కు 5, క్రీముకు 82, పైనాపిల్‌కు 20, అట్టపెట్టె, కింద వేసే బోర్డు కలిపి 45. మొత్తం 200. కరెంటుకూ, గిన్నెకు అంటుకుని పోయే క్రీముకూ, పాడయ్యే సరుకుకూ కలిపి ఇంకో 30.

"అంటే 230కి పడింది. 400కి అమ్మితే 170 మిగిలినట్టే కదా మేడం?" అంది ముందు వరసలో ఒకావిడ ఉత్సాహంగా.

"మరి నీ మూడు గంటలు ఎవరిస్తారమ్మా?" అన్నారు టీచరు. సరుకులు తూచడం, కాల్చడం, చల్లార్చడం, పొరలు కోసి క్రీము పట్టించడం, జిడ్డు గిన్నెలు తోమడం, మధ్యలో కేకు మీద పేరు ఎలా రాయాలో చెప్పడానికి మూడుసార్లు వచ్చే ఫోను. గంటకు 100 రూపాయలు వేసుకున్నా 300 అవుతుంది. అప్పుడు కేకు 530కి పడుతుంది. 400కి ఇస్తే గంటకు 57 రూపాయల లోపే చేతికి వస్తుంది, ఓవెన్‌కు పెట్టిన డబ్బు వెనక్కి రావడం మాట దేవుడెరుగు. ఆవిడ లెక్క ప్రకారం 700 అడగాలి.

అక్కడ హాల్లో కాస్త గుసగుస మొదలైంది. పక్కింటివాళ్ళు, ఆడపడుచులు, పిల్లల స్నేహితుల తల్లులు కదా తొలి గిరాకీ, వాళ్ళను 700 ఎలా అడుగుతాం? ఈ మొహమాటానికి టీచరు దగ్గరున్న ఉపాయం నాకు నచ్చింది. కావాలంటే మీవాళ్ళకు తగ్గించండి, కానీ బిల్లు మీద ముందు 700 రాసి, కింద తగ్గింపు విడిగా చూపించండి అన్నారు. లేదంటే 400 అనేదే ఊరంతా మీ రేటు అయిపోతుంది, ఆ తర్వాత పెంచడం ఎవరి తరమూ కాదు.

చట్టం సంగతి ఆవిడ క్లుప్తంగా చెప్పారు, నేనూ క్లుప్తంగానే చెబుతాను. ఇంట్లో చేసి అమ్మినా అది ఆహార వ్యాపారమే. ఎఫ్ఎస్ఎస్ఏఐ దగ్గర నమోదు చేసుకోవాలి. FoSCoS పోర్టల్‌లో దరఖాస్తు పెట్టాలి, చిన్న వ్యాపారాలకు రుసుము ఏడాదికి 100 రూపాయలు, 14 అంకెల నంబరు ఇస్తారు. కొలతలకు వాడే వంటింటి కాటా వేరు, తూకం చూపించి అమ్మే కాటా వేరు. అమ్మేదానికి తూనికలు, కొలతల శాఖ ముద్ర ఉండాలి. గుడ్డు వేసిన కేకు లేబులింగ్ నిబంధనల ప్రకారం మాంసాహారం కిందికే వస్తుంది. కాబట్టి ఎగ్‌లెస్ అని ఒప్పుకున్న ఆర్డరుకు గిలక్కొట్టే గిన్నె దగ్గరనుంచీ విడిగా పెట్టుకోవాలి.

తొలిరోజు ఎవరూ ఓవెన్ ముట్టుకోలేదు. మర్నాటికి ఇచ్చిన పని ఒక్కటే: ఇంట్లో రోజూ వాడే గ్లాసుతో మైదా, పంచదార కొలిచి, తూచి, ఆ అంకెలు రాసుకుని రావడం.

మీ ఊళ్ళో ఇలాంటి కోర్సులో చేరాలనుకుంటే డబ్బు కట్టే ముందు రెండు విషయాలు అడగండి: కొలతలు గ్రాముల్లో నేర్పుతారా, కేకు ధర కట్టడం నేర్పుతారా అని. రెండింటికీ సరైన జవాబు రాకపోతే, క్రీము పూలు ఎంత అందంగా వేయించినా ఇంకో చోటు చూసుకోండి.