ఘాతరూప ఉత్పత్తి ఫలం: తరహా ప్రతిఫలాలు, క్షీణ ఉపాంత ఉత్పత్తి – ఒక సంఖ్యాత్మక పరిశీలన

ఉపోద్ఘాతం

అర్థశాస్త్ర పాఠ్యగ్రంథాల్లో ‘క్షీణ ప్రతిఫలాలు’ అనే పదబంధం రెండు సందర్భాల్లో కనిపిస్తుంది. ఒక ఉత్పత్తి కారకాన్ని స్థిరంగా ఉంచి మరొకదాన్ని పెంచినప్పుడు అదనపు ఉత్పత్తి తగ్గుతుందని చెప్పే సందర్భం మొదటిది. కారకాలన్నింటినీ ఒకే నిష్పత్తిలో పెంచినా ఉత్పత్తి అంత నిష్పత్తిలో పెరగదని చెప్పే సందర్భం రెండవది. రెంటికీ పేరు దాదాపు ఒకటే కావడంతో, మొదటిది నిజమైన చోట రెండవది కూడా నిజం కావాలన్న భావన విద్యార్థుల్లో సులభంగా నాటుకుంటుంది. ఆ భావన సరైనది కాదు. ఘాతరూప ఉత్పత్తి ఫలాన్ని ఉదాహరణగా తీసుకొని, ఈ రెండు సూత్రాలూ వేర్వేరు విషయాలపై ఆధారపడతాయని సంఖ్యలతో నిరూపించడం ఈ వ్యాస లక్ష్యం.

ఫలం – దాని నేపథ్యం

గణితవేత్త చార్లెస్ కాబ్, అర్థశాస్త్రవేత్త పాల్ డగ్లస్ 1928లో అమెరికా వస్తూత్పత్తి రంగానికి సంబంధించిన 1899–1922 నాటి గణాంకాలను ఆధారం చేసుకొని ఒక ఉత్పత్తి ఫలాన్ని ప్రతిపాదించారు. ఉత్పత్తిని Q, శ్రమను L, మూలధనాన్ని K అనుకుంటే వారి ఫలితం ఇది:

Q = 1.01 L^0.75 K^0.25

1899 సంవత్సరపు విలువలను 100గా తీసుకుంటే, 1920 నాటికి శ్రమ సూచిక 194కు, మూలధన సూచిక 407కు చేరాయి. ఈ రెంటినీ సమీకరణంలో ప్రతిక్షేపిస్తే ఉత్పత్తి సుమారు 236 వస్తుంది. వాస్తవ సూచిక 231. అంచనా వాస్తవానికి దగ్గరగానే ఉంది.

శ్రమ ఒక శాతం పెరిగితే ఉత్పత్తి ఎంత శాతం పెరుగుతుందో L మీది ఘాతాంకం తెలుపుతుంది. K మీది ఘాతాంకం మూలధనం విషయంలో అదే పని చేస్తుంది. గణనసౌలభ్యం కోసం 1.01 అనే గుణకాన్ని విడిచి, Q = L^0.75 K^0.25 అనే రూపాన్నే ఇక పరిశీలిద్దాం.

ఒక కారకం మాత్రమే మారినప్పుడు

మూలధనాన్ని 16 యూనిట్ల వద్ద స్థిరంగా ఉంచుదాం. 16కు 0.25 ఘాతం 2 కనుక ఫలం Q = 2 L^0.75 అవుతుంది. శ్రమ 16 యూనిట్లు ఉన్నప్పుడు ఉత్పత్తి 16. శ్రమకు 17వ యూనిట్‌ను చేరిస్తే ఉత్పత్తి 0.744 మేరకు పెరుగుతుంది. 18వ యూనిట్ 0.733ను, 19వ యూనిట్ 0.723ను మాత్రమే చేరుస్తాయి. మొత్తం ఉత్పత్తి పెరుగుతూనే ఉంది. తగ్గుతున్నది ఆ పెరుగుదల మాత్రమే.

ఈ ఫలంలో శ్రమ ఉపాంత ఉత్పత్తిని కనుగొనడం సులభం. సగటు ఉత్పత్తిని, అంటే Q/Lను, శ్రమ ఘాతాంకంతో గుణిస్తే చాలు. శ్రమ 16 ఉన్నప్పుడు ఉపాంత ఉత్పత్తి 0.75. శ్రమ 81 అయితే ఉత్పత్తి 54, ఉపాంత ఉత్పత్తి 0.5. శ్రమ 256 అయితే ఉత్పత్తి 128, ఉపాంత ఉత్పత్తి 0.375. శ్రమ 16 రెట్లయినా ఉత్పత్తి 8 రెట్లే అయింది. శ్రమ ఘాతాంకం ఒకటి కంటే తక్కువ కావడమే ఇందుకు కారణం.

రెండు కారకాలూ కలిసి పెరిగినప్పుడు

ఇప్పుడు శ్రమను, మూలధనాన్ని రెంటినీ 16 నుంచి 256కు పెంచుదాం. 256కు 0.75 ఘాతం 64, 0.25 ఘాతం 4. వాటి లబ్ధం 256. కారకాలు 16 రెట్లయితే ఉత్పత్తి కూడా సరిగ్గా 16 రెట్లయింది. ఇవి స్థిర తరహా ప్రతిఫలాలు. ఉపాంత ఉత్పత్తి క్షీణించే ఫలంలోనే తరహా ప్రతిఫలాలు క్షీణించలేదు.

ఇందులో వైరుధ్యం లేదు. ఈ ఫలంలో శ్రమ ఉపాంత ఉత్పత్తి 0.75 (K/L)^0.25కు సమానం. ఒక్కో శ్రమ యూనిట్‌కు అందే మూలధనం తగ్గినప్పుడే అది క్షీణిస్తుంది. మూలధనం 16 వద్దే ఆగి శ్రమ మాత్రమే 256కు చేరినప్పుడు ఆ నిష్పత్తి పదహారో వంతుకు పడిపోయింది. రెండూ 256 అయినప్పుడు నిష్పత్తి మారలేదు, కనుక ఉపాంత ఉత్పత్తి తిరిగి 0.75 వద్దనే నిలిచింది.

ఘాతాంకాలు మారితే

తరహా ప్రతిఫలాలను నిర్ణయించేది ఘాతాంకాల మొత్తం. Q = L^0.75 K^0.5 అనే ఫలంలో ఆ మొత్తం 1.25. కారకాలు రెండూ 16 ఉన్నప్పుడు ఉత్పత్తి 32. రెండూ 256 అయితే 1024, అంటే 32 రెట్లు. ఇవి వృద్ధి తరహా ప్రతిఫలాలు. అయినా మూలధనాన్ని 16 వద్ద ఉంచి శ్రమను 16, 81, 256గా పెంచితే ఉపాంత ఉత్పత్తి వరుసగా 1.5, 1, 0.75గా క్షీణిస్తుంది. తరహా ప్రతిఫలాలు పెరిగే చోట కూడా ఉపాంత ఉత్పత్తి క్షీణించవచ్చునని ఈ ఉదాహరణ తెలుపుతున్నది.

Q = L^0.5 K^0.25 ఫలంలో మొత్తం 0.75. కారకాలు 16 ఉన్నప్పుడు ఉత్పత్తి 8. 256కు పెరిగినప్పుడు 64. కారకాలు 16 రెట్లయినా ఉత్పత్తి 8 రెట్లే. ఇక్కడ మాత్రం రెండు రకాల క్షీణతా కలిసే ఉన్నాయి.

అందువల్ల పరీక్షించే పద్ధతులు కూడా వేరు. ఉపాంత ఉత్పత్తిని తెలుసుకోవాలంటే రెండవ కారకాన్ని కదల్చకూడదు. తరహా ప్రతిఫలాలను తెలుసుకోవాలంటే అన్ని కారకాలనూ ఒకే గుణకంతో పెంచి, ఉత్పత్తి నిష్పత్తిని ఆ గుణకంతో పోల్చాలి. పై మొదటి ఫలంలో శ్రమను మాత్రమే 16 రెట్లు చేసి, ఉత్పత్తి 8 రెట్లే అయిందని చూసి ‘తరహా ప్రతిఫలాలు క్షీణిస్తున్నాయి’ అని తేల్చడం తరచుగా జరిగే పొరపాటు.

పరిమితులు

కాబ్, డగ్లస్ తమ తొలి అంచనాలో ఘాతాంకాల మొత్తం ఒకటి కావాలని ముందే నియమించుకున్నారు. శ్రమ ఘాతాంకాన్ని మాత్రమే గణాంకాల నుంచి రాబట్టి, మూలధన ఘాతాంకాన్ని మిగిలిన భాగంగా తీసుకున్నారు. కాబట్టి స్థిర తరహా ప్రతిఫలాలు అక్కడ ఊహనమే గాని ఆవిష్కరణ కాదు. 1920 అంచనా వాస్తవానికి దగ్గరగా ఉండడం దానికి రుజువు కాజాలదు. రెండు ఘాతాంకాలను స్వతంత్రంగా అంచనా వేయాలని డేవిడ్ డ్యూరాండ్ 1937లో సూచించాడు.

రెండవ పరిమితి ఫలం రూపానికి సంబంధించినది. చరానుపాత సూత్రం ఉపాంత ఉత్పత్తి మొదట పెరిగి, తరువాత తగ్గి, చివరకు రుణాత్మకమవుతుందని మూడు దశలుగా వివరిస్తుంది. ఘాతాంకం సున్నాకు, ఒకటికి నడుమ ఉన్న ఘాతరూప ఫలంలో ఉపాంత ఉత్పత్తి ఆరంభం నుంచే తగ్గుతుంది, కాని ఎన్నడూ సున్నాను చేరదు. అందువల్ల మొదటి, మూడవ దశలను ఈ ఫలంతో చూపడం సాధ్యం కాదు. అదేవిధంగా తరహా ప్రతిఫలాలు చిన్న సంస్థకైనా పెద్ద సంస్థకైనా ఒకే తీరుగా ఉంటాయి. సంస్థ పెరిగేకొద్దీ అవి మారే సందర్భాలకు ఈ రూపం చాలదు.

ముగింపు

ఒక్కొక్క ఘాతాంకం ఒకటి కంటే తక్కువా కాదా అన్నది ఉపాంత ఉత్పత్తి గమనాన్ని నిర్ణయిస్తుంది. ఘాతాంకాల మొత్తం ఒకటికి సమానమా, ఎక్కువా, తక్కువా అన్నది తరహా ప్రతిఫలాలను నిర్ణయిస్తుంది. కనుక తెలుగులో ‘క్షీణ ప్రతిఫలాలు’ అని ఊరక అనకుండా, ‘క్షీణ ఉపాంత ఉత్పత్తి’, ‘క్షీణ తరహా ప్రతిఫలాలు’ అని విడివిడిగా వ్యవహరించడం శాస్త్రబోధనలో అవసరం.