చుక్కకీ చుక్కకీ మధ్య ఎంత?

ఒకటే లేజర్ పాయింటరు. ఒకటే తరగతి గది. ఒకటే టేపు. అయినా ఆ ఎర్రటి కాంతి తరంగదైర్ఘ్యం 650 నానోమీటర్లని ఒక జట్టు పిల్లలు తేల్చారు. రెండో జట్టుకు 662 వచ్చింది. పాయింటరు మీద చూద్దామంటే '630-680' అని ఉందంతే. రెండు జవాబులూ అందులో ఇమిడిపోతాయి! మరి ఎవరి లెక్క సరైంది? అది తెలియాలంటే ముందు ప్రయోగం సంగతి చూడాలి.

దీనికి కావలసింది గ్రేటింగ్. అంటే, మిల్లీమీటరుకు కొన్ని వందల సన్నటి గీతలున్న పారదర్శకమైన ఫిల్ము. 300 గీతలుంటే, గీతకీ గీతకీ మధ్య ఎడం 3,333 నానోమీటర్లు. పాయింటరును బల్లమీద కదలకుండా బిగించి, బటన్ నొక్కి ఉండేలా గుడ్డల క్లిప్పు పెడతారు. దాని ముందు గ్రేటింగ్, ఎదురుగా గోడకు తెల్లచార్టు. చార్టు మీద నడుమ ఒక చుక్క, దానికి అటొకటీ ఇటొకటీ మరో రెండు చుక్కలు పడతాయి. నడిమి కిరణం నుంచి పక్క కిరణం ఎంత కోణంలో విడిపోయిందో చూసి, ఆ కోణం సైన్ విలువను గీతల ఎడంతో గుణిస్తే చాలు... తరంగదైర్ఘ్యం వచ్చేస్తుంది. కిరణాన్ని మాత్రం ఎవరూ కంటితో నేరుగా చూడకూడదు.

ఇప్పుడు మన తరగతి కొలతలు. గ్రేటింగ్ నుంచి చార్టుకు 200 సెంటీమీటర్లు. పక్క చుక్కలు రెండింటి మధ్య 79.5. అందులో సగం 39.75. దాన్ని 200తో భాగించిన జట్టుకు 0.1988 వచ్చింది. కానీ అది సైన్ కాదు, టాన్! కోణం చాలా చిన్నదైతే రెండూ ఒకటేనని పుస్తకంలో చదివిన గుర్తు వాళ్లను 662కు తీసుకుపోయింది. ఇక్కడ కోణం 11 డిగ్రీలు పైనే. గ్రేటింగ్ నుంచి పక్క చుక్కకు ఏటవాలుగా ఉండే దూరం 203.9. భాగించాల్సింది దాంతో. అప్పుడు 0.195, అంటే 650.

జవాబైతే వచ్చింది. ఇందులో ఎంతవరకూ అటూఇటూ ఉండొచ్చు? చుక్క మూడు నాలుగు మిల్లీమీటర్ల వెడల్పుంటుంది కాబట్టి దాని నడుమ ఎక్కడో చెప్పడంలో 2 మిల్లీమీటర్ల తేడా వస్తుందనుకుందాం. 795 మిల్లీమీటర్లలో అది పావు శాతం. టేపుతో దూరం కొలవడంలో వచ్చే తేడానూ కలిపితే సుమారు 2 నానోమీటర్లు. అదే చార్టును 50 సెంటీమీటర్ల దగ్గర పెడితే చుక్కల మధ్య 20 సెంటీమీటర్లు కూడా ఉండదు. అదే 2 మిల్లీమీటర్లు ఇప్పుడు ఒక శాతం. అనిశ్చితి 7 నానోమీటర్లకు చేరుతుంది. అప్పుడు 635 పాయింటరును, 650 పాయింటరును విడదీసి చెప్పడమే కష్టం. అందుకే చార్టును దూరం జరపాలి. చుక్క నడుమను వెతికే బదులు, ఒక చుక్క ఎడమ అంచు నుంచి రెండో చుక్క ఎడమ అంచు వరకూ కొలిస్తే ఇంకా మేలు.

నడిమి చుక్క నుంచి ఒక పక్కకే కొలిచి ఊరుకుంటే? చార్టు 2 డిగ్రీలు పక్కకు తిరిగి ఉందనుకోండి. ఒకవైపు 40.05, మరోవైపు 39.5 వస్తుంది. కంటికి ఆ వంకర కనిపించదు. ఒక పక్కే నమ్ముకుంటే తేడా దాదాపు 5 నానోమీటర్ల దాకా పోతుంది. రెండూ కలిపితే మాత్రం 79.55... మొత్తం దాదాపు మారలేదు! కాబట్టి రెండు పక్కలూ విడివిడిగా కొలవాలి. అవి సమానంగా లేకపోతే చార్టో, గ్రేటింగో తిరిగి ఉందని అర్థం. గ్రేటింగ్ నుంచి వెనక్కి తిరిగొచ్చే మసక చుక్క పాయింటరు మూతిమీదే పడితే గ్రేటింగ్ నిటారుగా ఉన్నట్టు.

ఇంత చేసినా టేపు పట్టుకోలేని తప్పు ఒకటుంది. గ్రేటింగ్ మీద రాసిన 300 నిజంగా 300 కాకపోతే? ఒక శాతం తేడా ఉంటే, జవాబులో ఆరున్నర నానోమీటర్లు పోయినట్టే. ఎన్నిసార్లు కొలిచినా ప్రతిసారీ అదే తప్పు వస్తుంది కాబట్టి సగటు తీసినా లాభం లేదు. దీనికి మందు, తరంగదైర్ఘ్యం ముందే తెలిసిన మరో లేజర్. కాలేజీ ల్యాబుల్లో ఉండే హీలియం-నియాన్ లేజర్‌ది 632.8. అదే గ్రేటింగ్, అదే 2 మీటర్లు ఉంచి దాన్ని వెలిగిస్తే చుక్కల మధ్య 77.3 సెంటీమీటర్లు రావాలి. 78.1 వచ్చిందా... గీతలు రాసినదానికంటే ఒక శాతం దగ్గరగా ఉన్నాయన్నమాట. లెక్కలో ఎడాన్ని ఆ మేరకు తగ్గించుకోవాలి.

ఇక నానోమీటరులో పదో వంతు కోసం పాకులాడక్కర్లేదు. పాయింటరు వేడెక్కేకొద్దీ దాని తరంగదైర్ఘ్యమే కొద్దిగా పెరుగుతుంది. బోర్డు మీద '649.83' అని రాసిన పిల్లాడికన్నా, '650, అటూఇటూ 2' అని రాసిన పిల్లకే ఆ కాంతి గురించి ఎక్కువ తెలుసు!